మంగళవారం పది గంటల మెయిల్: ఔట్‌రీచ్ టైమింగ్ మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

క్లయింట్ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఫ్యాక్టరీల్లో ఏ యంత్రానికి ఎప్పుడు సర్వీసింగ్ చెయ్యాలి, ఏ విడిభాగం ఎప్పుడు మార్చాలి అని చూసుకునే ప్రోగ్రాం అమ్ముతారు. పేరు, దేశం, గుర్తుపట్టే వివరాలు తీసేశాను, లిస్టు సైజు లాంటి అంకెల్ని కొంచెం మార్చాను. కేసు మాత్రం జరిగింది జరిగినట్టే.

ఔట్‌రీచ్ అంటే ఇక్కడ, ఇంకా కస్టమర్లు కానివాళ్లకి మా ప్రోగ్రాం చూడండి అని పంపే మెయిల్. వాళ్లు ఆ మెయిల్ పంపేది మూడు రకాల మనుషులకి. ఒకటి, పెద్ద ఫ్యాక్టరీల మెయింటెనెన్స్ మేనేజర్లు, అంటే రేపు ఆ ప్రోగ్రాం వాడేవాళ్లు. రెండు, అదే కంపెనీల్లో ఫైనాన్స్ చూసేవాళ్లు, వీళ్లు సరే అంటేనే డబ్బు కదులుతుంది. మూడు, చిన్న వర్క్‌షాపుల యజమానులు. వాళ్ల దగ్గర వాడేదీ, డబ్బు కట్టేదీ, రాత్రి తాళం వేసేదీ ఒకే మనిషి. మొత్తం లిస్టు 1,800 పేర్లు.

ముగ్గురికీ మెయిల్ వెళ్లేది మంగళవారం పొద్దున పది గంటలకి. ఎందుకు అనడిగితే, ఎక్కడ చదివినా అదే మంచి టైమ్ అని ఉంది అన్నారు. జవాబు రాకపోతే శుక్రవారం పదింటికి ఇంకో మెయిల్.

సమస్య

మెయిల్ టూల్ డాష్‌బోర్డు చూస్తే అంతా పచ్చగా ఉంది. సగం మందికి పైగా తెరిచారు, చాలామంది మెయిల్ చేరిన రెండు మూడు నిమిషాల్లోనే తెరిచారు. జవాబులు మాత్రం వందకి రెండు. టీమ్ దీన్నుంచి తీసుకున్న అర్థం: టైమ్ బ్రహ్మాండంగా ఉంది, మెయిల్లో రాసిందే బాలేదు. అందుకని నెలల తరబడి సబ్జెక్ట్ లైన్లు మారుస్తూ కూర్చున్నారు.

నాకు అనుమానం వచ్చింది ఆ రెండు మూడు నిమిషాల దగ్గర. మెయింటెనెన్స్ మేనేజర్ అంటే పొద్దున పదింటికి యంత్రం పక్కన నిలబడి ఉండే మనిషి. అలాంటివాళ్లు వందలమంది ఒకేసారి, తెలియనివాళ్లు పంపిన మెయిల్‌ని, వచ్చిన రెండో నిమిషంలో తెరవడం నమ్మశక్యంగా లేదు. అందుకే కొత్త టైమ్ ఏది పెట్టాలి అనే ప్రశ్న పక్కన పెట్టి, ముందు ఉన్న లెక్కల్ని నమ్మొచ్చా అని చూశాం.

లెక్కల్లో బయటపడ్డవి

మొదటిది ఓపెన్లు. మెయిల్ తెరిచారని టూల్‌కి తెలిసేది అందులో పెట్టిన కంటికి కనపడని చిన్న బొమ్మ లోడ్ అయితేనే. 2021 సెప్టెంబర్లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చిన దగ్గర్నుంచి, అది ఆన్ చేసుకున్నవాళ్ల బొమ్మల్ని మనిషి తెరిచినా తెరవకపోయినా యాపిల్ సర్వర్లే ముందుగా తెచ్చి పెట్టుకుంటున్నాయి. ఇక కంపెనీల సెక్యూరిటీ స్కానర్లు ఇంకో అడుగు ముందుకేసి లింకులు కూడా నొక్కి చూస్తాయి. వీటిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలో అందులోని లింకులన్నీ, అన్‌సబ్‌స్క్రైబ్‌తో సహా, వరసగా నొక్కినట్టు కనిపిస్తే అది మనిషి పని కాదు. మన లాగ్‌లో అలాంటివి కుప్పలు. అక్కడితో ఓపెన్లు, క్లిక్కులు రెండూ పక్కన పెట్టేశాం. లెక్కలోకి వచ్చేది మనిషి రాసిన జవాబు ఒక్కటే. ఆఫీసులో లేను అని ఆటోమేటిగ్గా వచ్చే జవాబుల్ని కూడా తీసెయ్యాలి, వాటిలో చాలావాటి హెడర్లో `Auto-Submitted: auto-replied` అని ఉంటుంది కాబట్టి వేరు చెయ్యడం సులువే. (పారెయ్యకండి, తర్వాత పనికొచ్చాయి.)

రెండోది, పది గంటలంటే పది గంటలు కాదు. ఒక మెయిల్‌బాక్స్ నుంచి అన్నీ ఒక్కసారిగా పంపితే స్పామ్ అనుకుంటారని, టూల్ ఒక్కో మెయిల్‌కి మధ్య నాలుగైదు నిమిషాలు గ్యాప్ ఇస్తుంది. ఒక బాక్సు నుంచి రోజుకి 50. లెక్కేస్తే మొదటిది పదింటికి పోతే చివరిది పోయేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటుతుంది. పైగా లిస్టు కంపెనీ పేరు అక్షరక్రమంలో ఉంది. అంటే ముందు అక్షరాల కంపెనీలకి ఎప్పుడూ పొద్దున, చివరి అక్షరాల వాళ్లకి ఎప్పుడూ మధ్యాహ్నం. పది గంటల మెయిల్ అని వీళ్లు ఏడాదిగా అనుకుంటున్నది నిజానికి నాలుగు గంటల పాటు సాగే మెయిల్.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. టీమ్‌లో అందరూ శుక్రవారం దండగ అనే నమ్మకంతో ఉన్నారు, జవాబులు మంగళవారం కంటే బాగా తక్కువ కాబట్టి. కానీ శుక్రవారం వెళ్లేది ఎప్పుడూ రెండో మెయిలే, అదీ మొదటిదానికి పలకనివాళ్లకి. జవాబు ఇచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లు మంగళవారమే ఇచ్చేశారు, మిగిలినవాళ్ల నుంచి తక్కువ రావడంలో వింత ఏముంది? అక్కడ పోలుస్తున్నది రెండు రోజుల్ని కాదు, మొదటి మెయిల్‌ని రెండో మెయిల్‌తో. రోజుల్ని పోల్చాలంటే మొదటి మెయిళ్లని మొదటి మెయిళ్లతోనే పోల్చాలి.

ప్రయత్నించి వదిలేసినవి

టూల్‌లో ఒక్కో మనిషికి మంచి టైమ్ అదే ఎంచుకునే సదుపాయం ఉంది. క్లయింట్ అది ఆన్ చేద్దామన్నారు, చేశాం. ఆ టూల్ ఆ టైమ్‌ని ఎంచుకునేది పాత ఓపెన్ల ఆధారంగా. ఓపెన్లే సగం యంత్రాలవైతే అది నేర్చుకునేది సర్వర్ల దినచర్య. కొంతమందికి తెల్లవారుజామున మూడింటికి షెడ్యూల్ చేసింది, పాపం దాని తప్పు కాదు. మన దగ్గర ఒక్కో మనిషికి పాత చరిత్ర అంటే రెండు మూడు మెయిళ్లే, ఓపెన్లు నిజమైనవే అయినా అంత చిన్న చరిత్రతో అది చెప్పగలిగేది ఏమీ లేదు. ఎన్నో ఏళ్లుగా వారం వారం న్యూస్‌లెటర్ చదువుతున్న లిస్టుకైతే వేరే మాట.

తర్వాత మార్కెటింగ్ హెడ్ ఒక పెద్ద టేబుల్ వేసుకొచ్చారు. ఐదు రోజులు, రోజుకి మూడు టైములు, మూడు రకాల పాఠకులు: 45 గడులు. అన్నిట్లోనూ పంపుదాం, గెలిచింది పట్టుకుందాం అని. 1,800 మందిని 45 గడుల్లో సర్దితే గడికి 40 మంది. వందకి రెండు చొప్పున జవాబులొస్తే గడికి సగటున ఒక్కటి కూడా రాదు. వద్దన్నా ఒక రౌండు నడిపారు, యజమానుల వరసలో బుధవారం మూడింటి గడిలో మూడు జవాబులు పడ్డాయి, అదిగో దొరికింది అన్నారు. ఏ టైమ్‌కీ ఏ తేడా లేకపోయినా సరే, ఇలాంటి 45 గడుల్లో సుమారు రెండింట్లో మూడో అంతకంటే ఎక్కువో జవాబులు వాటంతట అవే పడతాయి. రెండో రౌండులో అదే బుధవారం గడికి సున్నా వచ్చింది.

ఎంత లిస్టు ఉంటే సరిపోతుంది అని అడిగేవాళ్ల కోసం: వందకి రెండు జవాబులు మూడుగా మారిన తేడాని నమ్మకంగా పట్టుకోవాలంటే, మామూలుగా వాడే కొలతలతో, ఒక్కో వైపు దాదాపు 3,800 మంది కావాలి. మన దగ్గర మొత్తం కలిపి అందులో సగం కూడా లేరు. బిజినెస్ ఔట్‌రీచ్‌లో చాలామంది పరిస్థితి ఇదే, లిస్టులు చిన్నవి, జవాబులు ఇంకా చిన్నవి. కాబట్టి ప్రయోగాలతో మంచి టైమ్ కనిపెట్టే దారి దాదాపు మూసుకుపోయినట్టే, ముందు వేరే దారిలో ఊహ తెచ్చుకుని, ప్రయోగాన్ని దాన్ని సరిచూసుకోవడానికి మాత్రం వాడాలి.

పనిచేసింది

ఆ ఊహ కోసం పాత జవాబుల్లోకి వెళ్లాం. మెయిల్ ఎప్పుడు పంపితే జవాబొచ్చింది అని చూడలేదు, జవాబు ఎప్పుడు రాశారు అని చూశాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మెయిళ్లన్నీ పదింటికి మొదలైతే జవాబులు కూడా పదకొండుకో పన్నెండుకో పోగుపడతాయి, అది వాళ్ల అలవాటు కాదు, మనం తట్టిన టైమ్ ప్రభావం. అందుకని ఒక రోజు దాటాక వచ్చిన జవాబుల్నే తీసుకున్నాం. మరుసటి రోజో మూడు రోజులకో తీరిగ్గా రాసిన జవాబు వాళ్లు ఎంచుకున్న టైమ్‌లో రాసింది. టైమ్ అంటే రాసినవాళ్ల ఊరి టైమ్, మన టైమ్ కాదు. ఇలా వడకడితే మిగిలేవి తక్కువే, అయినా మూడు రకాల పాఠకులూ మూడు తీరులుగా విడిపోయి కనిపించారు.

మెయింటెనెన్స్ మేనేజర్ల జవాబులు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర మధ్య ఎక్కువ. క్లయింట్‌కి ఇప్పటికే కస్టమర్లుగా ఉన్న కొందరు మేనేజర్లకి ఫోన్ చేయించాం. మీకు మెయిల్ ఎప్పుడు కావాలి అని అడిగితే ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు, అందుకే ఆ ప్రశ్న వద్దన్నాను. నిన్న మీ రోజు ఎలా గడిచింది, కంప్యూటర్ ముందు ఎప్పుడు కూర్చున్నారు అని అడిగారు. అందరి దగ్గరా ఒకే కథ: పొద్దున షిఫ్టు మారేటప్పుడు మీటింగ్, రాత్రి ఏం ఆగిపోయిందో వినడం, ఫ్లోర్ మీద ఒక రౌండు, ఆ తర్వాత ఏదో ఒకటి చెడిపోవడం. మధ్యాహ్నం రిపోర్టు రాయడానికి, స్పేర్ పార్టుల ఆర్డర్లు పెట్టడానికి కూర్చుంటారు. సోమవారం అయితే వారాంతంలో ఆగిపోయినవన్నీ మీద పడతాయి, ఆ రోజు మధ్యాహ్నం కూడా ఖాళీ ఉండదు.

ఫైనాన్స్ వాళ్ల జవాబుల్ని వారంలో రోజుల వారీగా పేరిస్తే ఏమీ కనపడలేదు, చదునుగా ఉంది. అదే జవాబుల్ని నెలలో తేదీల వారీగా పేరిస్తే బొమ్మ మొత్తం మారిపోయింది. నెల చివరి రెండు మూడు రోజులు, కొత్త నెల మొదటి వారం పైన ఇంకో రెండు రోజులు దాదాపు ఖాళీ. ఖాతాలు మూసే రోజులవి. పదో తేదీ నుంచి ఇరవై రెండు దాకా జవాబులు బానే ఉన్నాయి. మూడు నెలలకోసారి, క్వార్టర్ ముగిసినప్పుడు, ఆ ఖాళీ ఇంకో వారం సాగుతుంది. ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇది, ఎందుకంటే మంగళవారమా గురువారమా అని ఏడాది పాటు వాదించుకున్నా ఇది బయటపడేది కాదు. క్యాలెండర్లో నెలకి నాలుగు మంగళవారాలు, వాటిలో రెండు ఈ మనిషికి మంచి రోజులు, రెండు చచ్చిన రోజులు, సగటు తీస్తే మంగళవారం ఓ మోస్తరు రోజుగా కనిపిస్తుంది.

యజమానుల జవాబులు పొద్దున ఏడు ప్రాంతంలో, రాత్రి ఎనిమిది తర్వాత, వారాంతాల్లో. అన్నీ ఫోన్ నుంచే, ఒకటి రెండు లైన్లు, కామాలూ చుక్కలూ ఉండవు.

ఇప్పుడు ప్రయోగం. ఫైనాన్స్ వాళ్ల మీద ప్రయోగమే చెయ్యలేదు. ఖాతాలు మూసే రోజుల్లో పంపడం ఆపి మధ్య రెండు వారాలకి మార్చడంలో పోయేదేమీ లేదు, మెయిల్ మహా అయితే పది రోజులు ఆలస్యం. ఖర్చు లేని మార్పుకి రుజువు కోసం ఆగక్కర్లేదు అనుకున్నాం.

మేనేజర్ల విషయంలో ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకున్నాం: పొద్దునా, మధ్యాహ్నమా? స్ప్రెడ్‌షీట్‌లో ఒక కొత్త కాలమ్‌లో

```
=RAND()
```

పెట్టి, వచ్చిన అంకెల్ని విలువలుగా పేస్ట్ చేసి (లేకపోతే షీట్ కదిపినప్పుడల్లా మారిపోతాయి), దాని ప్రకారం సార్ట్ చేసి లిస్టుని సగానికి కోశాం. అక్షరక్రమం బెడద పోయింది. మొదటి సగానికి మొదటి మెయిల్ పొద్దున పది, పదకొండున్నర మధ్య, రెండో మెయిల్ మధ్యాహ్నం ఒకటిన్నర, మూడు మధ్య. రెండో సగానికి తిరగేసి. బాక్సులు పెంచి ఆ గంటన్నరలో పట్టినన్నే పంపాం, అందుకే లిస్టు పూర్తి కావడానికి వారాలు పట్టింది. ఈ పద్ధతిలో లాభం ఏంటంటే ఏ టైమ్ గెలిచినా ఎవరికీ నష్టం లేదు, ప్రతి మనిషికీ రెండు టైములూ అందుతాయి. పాత పద్ధతిలో రెండో మెయిల్ కూడా అదే పదింటికి వెళ్లేది, పదింటికి మెయిల్ చూడలేని మనిషి రెండు సార్లూ చూడలేడు.

మొదటి మెయిళ్లు మొదటి మెయిళ్లతో పోలిస్తే, పొద్దున రెండు జవాబులొచ్చిన చోట మధ్యాహ్నం మూడు వచ్చాయి. ఇంత చిన్న లిస్టుతో ఇది రుజువు కాదు, ఆ మాట రిపోర్టులో పెద్ద అక్షరాల్లో రాశాను. కానీ రెండో మెయిళ్లలో కూడా మొగ్గు అటే ఉంది, పాత జవాబులు అదే చెప్పాయి, ఫోన్లో మనుషులు అదే చెప్పారు. నాలుగు బలహీనమైన సాక్ష్యాలు ఒకే వైపు చూపిస్తే నిర్ణయం తీసుకోవచ్చు, ముఖ్యంగా తప్పైనా పోయేది కొంచెమే అయినప్పుడు.

యజమానుల దగ్గర కథ మలుపు తిరిగింది. రాత్రి ఎనిమిదిన్నరకి పంపితే పొద్దున ఏడింటికి పంపినదానికన్నా జవాబులు ఎక్కువ వచ్చాయి. అందరూ సంబరపడ్డారు. నెల తర్వాత చూస్తే డెమో దాకా వచ్చినవాళ్లు పొద్దున మెయిల్ నుంచే ఎక్కువ. రాత్రి జవాబులు చాలావరకు వివరాలు పంపండి అనే రకం, మన సేల్స్ వాళ్లు వాటిని చూసేది మర్నాడు తొమ్మిదిన్నరకి, అప్పటికి అవతలి మనిషి పనిలో మునిగి మన సంగతి మర్చిపోయి ఉంటాడు. ఏడింటి మెయిల్‌కి ఏడూ ఇరవైకి జవాబిచ్చినవాళ్లతో ఎనిమిది లోపే మాట్లాడగలిగాం, ఎందుకంటే ఒక సేల్స్ అమ్మాయి పొద్దున్నే మొదలుపెట్టి సాయంత్రం తొందరగా వెళ్లిపోతానంది, ఆవిడకి అదే నచ్చింది. అందుకని రాత్రి టైమ్ వదిలేసి పొద్దున ఏడు తీసుకున్నాం. రాత్రి పూట జవాబిచ్చే మనిషి ఉన్న కంపెనీకైతే నేను రాత్రే చెప్పేవాణ్ని. ఫోన్లో చదువుతారు కాబట్టి మెయిల్‌ని కూడా మూడు లైన్లకి కుదించి, చివర్లో అవును కాదు అని బొటనవేలితో కొట్టగలిగే ప్రశ్న ఒకటి పెట్టాం. ఇది కూడా టైమ్‌తో పాటే మారింది కాబట్టి, మెరుగుదలలో ఎంత టైమ్‌ది, ఎంత పొట్టి మెయిల్‌ది అని విడదీసి చెప్పలేను.

అదే కోణంలో మంగళవారాన్ని మళ్లీ చూశాం. ఆ రోజు మధ్యాహ్నం సేల్స్ టీమ్ మొత్తానికి రివ్యూ మీటింగ్, సాయంత్రం దాకా. అంటే వారంలో జవాబులు ఎక్కువగా వచ్చే ఆ కొద్ది గంటల్లో వాటిని చూసే నాథుడు లేడు. మేనేజర్ల మెయిళ్లు బుధ, గురువారాలకి జరపడానికి అసలు కారణం ఇదే, పాఠకులకి ఆ రోజులు మంచివని కాదు.

టైమ్ జోన్ల గురించి ఒక్క మాట. వీళ్ల డేటాబేస్‌లో ప్రతి పేరుకీ హెడ్డాఫీసు టైమ్ జోన్ వేసి ఉంది, ఫ్యాక్టరీ రెండు జోన్ల అవతల ఉన్నా సరే. మేనేజర్ల వరకు ప్లాంటు ఊరిని బట్టి మార్చాం, కొంత చేత్తోనే చెయ్యాల్సొచ్చింది. జోన్‌ని ఇన్ని గంటల తేడా అని అంకెగా దాచొద్దు, `America/Chicago` లాంటి పేరుగా దాచాలి. అమెరికాలో గడియారాలు ముందుకి జరిపేది మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో చివరి ఆదివారం, మధ్యలో రెండు మూడు వారాలు అంకెలన్నీ ఒక గంట పక్కకి జరుగుతాయి.

నేర్చుకున్నవి

ఇలాంటి పని వచ్చినప్పుడు ఇప్పుడు నేను మంచి టైమ్ ఏది అని వెతకడం లేదు, మూసి ఉన్న టైములు ఏవి అని వెతుకుతున్నాను. షిఫ్టు మారే గంట, ఖాతాలు మూసే వారం, ఇలాంటివి చిన్న లిస్టుతోనే, ఒక్కోసారి ఫోన్ కాల్స్‌తోనే తెలిసిపోతాయి, తేడా కూడా పెద్దగా ఉంటుంది. మిగిలిన తెరిచి ఉన్న గంటల్లో పదకొండా రెండా అనేది తేల్చడానికి మన దగ్గర ఉన్న పేర్లు చాలవు, కాబట్టి అక్కడ పాఠకుణ్ని వదిలేసి మన సేల్స్ వాళ్ల క్యాలెండర్ చూస్తున్నాను.

ఆటోమేటిక్ జవాబుల సంగతి: అవి ఎప్పుడు తిరిగొస్తారో చెప్తాయి. తిరిగొచ్చిన రోజే పంపితే వందల మెయిళ్ల కింద పడతాం కాబట్టి, ఆ తేదీకి మూడు పనిరోజులు కలిపి రెండో మెయిల్ పెట్టాం. లిస్టులో చిన్న ముక్కే, కానీ చేసే పని దాదాపు ఏమీ లేదు.

తేలనిది ఒకటి ఉంది. ఫైనాన్స్ వాళ్లలో కొన్ని కంపెనీలకి మాత్రం నెల మధ్యలో పంపినా రెండు నెలల పాటు చడీచప్పుడూ లేదు. చూస్తే అవి ఆర్థిక సంవత్సరం అప్పుడే ముగిసిన కంపెనీలు, ఆడిట్‌లో ఉన్నాయి. సంవత్సరం ముగిసే నెల అన్ని కంపెనీలకీ ఒకటి కాదు, కొందరికి డిసెంబర్, కొందరికి మార్చి, కొందరికి జూన్. ఇప్పుడు షీట్‌లో ఆ నెల కోసం ఒక కాలమ్ పెట్టారు, పబ్లిక్ రిపోర్టులు ఉన్నవాళ్లది నింపారు, మిగిలినవాళ్లది డెమో కాల్‌లో అడిగి నింపుతున్నారు.